అడిగే తీరు

అద్దెకున్నవారిని వివరాలు అడిగేటప్పుడు ఇంటివారు ముందు కారణం చెప్పాలి. ఇలా అడగొచ్చు:

“ఏమండీ, వాన పడితే సెల్లార్‌లోకి నీళ్లొస్తున్నాయి. బండి ఎవరిదో తెలిస్తే వెంటనే పిలవొచ్చు. మీ బండి నంబరు, రంగు రాసివ్వండి. మీకు ఒంట్లో బాగోకపోతే ఎవరికి ఫోన్ చేయమంటారో వారి పేరు, నంబరు కూడా ఇవ్వండి. ఊళ్లోనే ఉన్నవారైతే త్వరగా రాగలరు.”

ఇంతవరకే చాలు. ఈ పనికి ఆధార్, ఆర్సీ కాపీలు అక్కర్లేదు. ఫోన్ చేయాల్సిన మనిషి వారికి ఏమవుతారని ఆరా తీయనక్కర్లేదు. ఎవరి పేరివ్వాలో అద్దెకున్నవారి ఇష్టం.

వివరాలు అందరూ చూసే వాట్సాప్ గ్రూపులో అడగకండి, విడిగా తీసుకోండి. గేటు దగ్గరి పుస్తకంలో బండి నంబరు, ఫ్లాటు నంబరు చాలు. వారిచ్చిన ఫోన్ నంబర్లు మీ దగ్గరే ఉంచండి. అద్దెకున్నవారు ఖాళీ చేశాక వాటిని కొట్టేయండి.