నవ్వులాటకూ ఒక హద్దు

దోస్తుల మధ్య ఆటపట్టించడం తప్పేం కాదు. కానీ ఏ విషయం మీద నవ్వొచ్చు, దేని జోలికి పోకూడదు? ఇది సమ్యక్ వాక్కుకు సంబంధించిన ప్రశ్న.

నాంపల్లి స్టేషన్ దగ్గర ఒక ఇరానీ హోటల్లో నలుగురు దోస్తులు చాయ్ తాగుతున్నారనుకోండి. ఒకాయన ఆలస్యంగా వచ్చాడు. "షర్టు ఇస్త్రీ అయ్యేదాక ఆగినవా?" అంటే ఆయన ఊరుకోడు. "నువ్వు జుట్టుకు రంగేసుకునేంత టైమ్ పట్టలేదులే" అంటాడు. అందరూ నవ్వుతారు. అదే "ఫైనాన్సోళ్లు గల్లీలో పట్టుకున్నరా?" అంటే? ఆయనా నవ్వుతాడు, కానీ అందరికంటే ఒక క్షణం ఆలస్యంగా. తర్వాత చాయ్ కప్పులోకి చూస్తాడు, మాట మారుస్తాడు. వచ్చే ఆదివారం ఏదో పని ఉందంటాడు.

తేడా ఎక్కడుంది? షర్టు మాటకు ఎదురు మాట ఉంది. అప్పు మాటకు జవాబు చెప్పాలంటే ఇంటి గుట్టు విప్పాలి. చావు, జబ్బు, డబ్బు, ఇంట్లో గొడవలు అన్నీ ఇంతే. తిరిగి అనలేని మనిషిని అనడం ఆట కాదు.

"ఉన్న మాటేగా అన్నది" అంటారు కొందరు. మజ్ఝిమ నికాయంలో అభయ రాజకుమారుడికి బుద్ధుడు చెప్పింది గుర్తు చేసుకోండి. మాట నిజమైనా, మేలు చేయనిదైతే తథాగతుడు పలకడు. నిజమై, మేలు చేసేదై, వినడానికి చేదుగా ఉంటే దానికి తగిన సమయం చూసి పలుకుతాడు. అప్పు గురించి మాట్లాడవలసి వస్తే, నలుగురి ముందు కాదు, ఆయన ఒక్కడే ఉన్నప్పుడు మాట్లాడాలి.

ఇంకో చిక్కుంది. ఆయనే తన షుగర్ జబ్బు మీద జోకేసుకుంటాడు. అది ఆయన బరువు, ఆయనే దించుకుంటున్నాడు. మనకిచ్చిన అనుమతి కాదు. హద్దు ఎప్పుడూ ఒక్కచోటే ఉండదు కూడా. నిన్నటిదాకా ఉద్యోగం మీద నవ్వుకున్నాం, ఇవాళ ఆ ఉద్యోగం పోతే ఆ జోకు కూడా పోవాలి.

మరి హద్దు తెలుసుకోవడం ఎట్లా? "నీకేది బాధ?" అని గుంపులో అడిగితే అదే ఇంకో గాయం. ఒంటరిగా ఉన్నప్పుడు "మొన్నటి మాట ఇబ్బంది పెట్టిందా?" అని అడగండి. అవునంటే, ఎందుకని తవ్వకండి. ఆ విషయం అక్కడితో వదిలేయండి.

నోరు జారితే "జోకేగా, సీరియస్ ఎందుకు?" అనొద్దు. ఆ మాటతో తప్పు ఆయన మీదికే నెట్టినట్టవుతుంది. వెంటనే మాట మార్చండి. క్షమాపణ తర్వాత, విడిగా చెప్పండి. పక్కన కూర్చున్న మిగతా ఇద్దరికీ బాధ్యత ఉంది. వాళ్లు నవ్వకపోతే ఆ జోకు అక్కడే ఆగిపోతుంది.