ద్వారమున విడిచిన విల్లు

శ్రీమద్భాగవత తృతీయస్కంధారంభమున విదురుడు హస్తినాపురమును విడిచిన వృత్తాంతము కలదు. ధృతరాష్ట్రుడు పిలిచి హితము చెప్పుమనగా విదురుడు పాండవుల భాగము పాండవులకు ఇమ్మని చెప్పెను. దుర్యోధనుడు కర్ణ దుశ్శాసన శకునుల సమక్షమున ఆయనను దాసీపుత్రుడని నిందించి, పురము నుండి వెడలగొట్టుమనెను. మేధావియైన విదురుడు మాటకు మాట చెప్పలేక ఊరకుండెనా? కాదు. చెప్పవలసిన హితమును అంతకు ముందే చెప్పియుండెను. ఇక చెప్పుటవలన కలహమే తప్ప ప్రయోజనము లేదని గ్రహించి, తన ధనుస్సును రాజద్వారమున ఉంచి తీర్థయాత్రకు వెడలిపోయెను. తాను ఎదిరిపక్షమున చేరి పోరుటకు పోవుట లేదని ఆ విల్లు చెప్పకయే చెప్పినది.

దీనికి విపరీతమైన కథ ద్రోణద్రుపదులది. వారు ఒక్క గురువు చెంత పెరిగిన చెలికాండ్రు. కాలక్రమమున ఒకరు రాజు, ఒకరు పేద. పూర్వస్నేహమును తలచి వచ్చిన ద్రోణునితో ద్రుపదుడు, సమానులకే గాని రాజునకు పేదకు స్నేహమేమని నిండుసభలో పలికెను. ఆ చెలిమి అంతటితో తెగిపోలేదు, పగగా మారినది. శిష్యులచే ద్రుపదుని బంధించుట, అర్ధరాజ్యము గైకొనుట, ద్రోణవధకై ద్రుపదుడు యజ్ఞము చేసి ధృష్టద్యుమ్నుని పడయుట, ఇవన్నియు ఆ ఒక్క మాటకు కాచిన ఫలములు.

ఈ రెండు మార్గములు నేటి గృహస్థునకును ఎదురగుచుండును. దృష్టాంతముగా మచిలీపట్నమున నివసించు ఒక గృహస్థుని తలచుకొందము. గుడివాడలో ఆయనకు చదువుకొన్ననాటి మిత్రుడు ఉన్నాడు. ప్రతి ఆదివారము ఉదయపు బండికి వచ్చి, సాయంకాలపు బండికి పోవును. వచ్చినది మొదలు అన్నదమ్ములపైన నేరములు, పై అధికారిపైన నేరములు; పదేండ్లుగా అవే మాటలు. ఏ ఉపాయము చెప్పినను వినడు. ఇంటివారికి జబ్బు చేసినను ఎట్లున్నదని అడుగడు. గృహస్థు సాయంకాలము చిలకలపూడి పాండురంగని సన్నిధికి పోయి నిలిచినను, చెవులలో స్వామి నామమునకు బదులు మిత్రుని తగవులే మ్రోగుచుండెను. సోమవారము కూడ మనస్సు కుదుటపడకుండెను.

ఆయన మొదట తన్ను తాను ఒక ప్రశ్న వేసికొనవలసియున్నది. ఇది మిత్రునకు వచ్చిన కష్టకాలమా, లేక అలవాటా? చావు, రోగము, కొలువు పోవుట, ఇట్టివాటిచే మిత్రుడు అలసి మాటలాడుచున్నచో అది వినుటయే స్నేహధర్మము. అప్పుడు తొలగుట ద్రోహము. కష్టమునకు మొదలును తుదియు ఉండును. అలవాటునకు తుది లేదు. ఒక నేరము తీరినచో మరియొక నేరము దాని స్థానమున కూర్చుండును. గుర్తింపవలసిన భేదము ఇదియే.

గుడివాడలో జరుగనున్న ఒక పెండ్లిలో, పదిమంది ఎదుట అంతయు చెప్పివేయవలెనని గృహస్థు తలంచెను. అంతలో దివిసీమలో సేద్యము చేయించుకొను మేనత్త ఇంటికి పోవుట తటస్థించినది. వరి కోతకు పదిదినములు ముందు చేను ఆరబెట్టుచున్న కాలమది. సంగతి విని ఆమె ఇట్లు చెప్పెను: “గట్టు తెంపితే ఆ నీళ్లు పక్కవాడి చేలో పడతాయి నాయనా. బోదెలో నుంచి వచ్చే నీరు కట్టేసి ఊరుకో. ఉన్న నీరు దానంతట అదే ఇంకుతుంది.”

గృహస్థు అట్లే చేసెను. ఆదివారము వచ్చుచున్నానని మిత్రుడు ఫోను చేసినపుడు, “ఈ వారం కుదరదురా, వచ్చే నెలలో చూద్దాం” అనెను. లేని పనిని కల్పించి చెప్పలేదు. అబద్ధము ఒకనాడు బయటపడును. అపుడు మిత్రునకు కలుగు బాధ నిజమువలన కలుగు బాధకంటె అధికము. రాత్రి పది గంటలకు వచ్చు ఫోనునకు మరునాటి ఉదయము బదులు చెప్పెను. బదులు చెప్పక మాత్రము ఉండలేదు. బొత్తిగా మౌనము వహించినచో ఎదుటివాడు కారణము వెదకుచు మరింత వెంటబడును. కలిసినపుడు ఇంటిలో గాక గుడిలోనో, బంధువుల నడుమనో కలిసెను. వారమునకు ఒకమారు నెలకు ఒకమారైనది. తరువాత పండుగలకు, శుభకార్యములకు మాత్రమే మిగిలినది. నడుమ ఒకనాడు జాలిపడి పూర్వమువలె దినమంతయు కూర్చుండబెట్టుకొనగా, మరుసటి వారమునుండి పాత వరుస మొదలైనది. మరల ఆరునెలలు పట్టినది. చేను సగము ఆరినపుడు మరల నీరు పెట్టరాదని ఆయనకు అప్పుడు తెలిసినది.

రెండు విషయములలో ఆయన మిక్కిలి జాగ్రత్త వహించెను. మిత్రుని వద్ద పూర్వము తీసికొన్న చేబదులును ముందుగా తీర్చివేసెను. ఋణముండగా దూరమగుట ఎగవేతగా కనబడును. మిత్రుడు నమ్మి చెప్పిన ఇంటిగుట్టు ఒక్కటియు ఎవరియొద్దను పలుకలేదు. “ఆయన ఈమధ్య రావడం లేదేమండీ?” అని ఇరుగుపొరుగువారు అడిగినపుడు, “బాగానే ఉన్నాడండీ” అని ఊరకుండెను. విల్లును ద్వారమున విడుచుట అనగా ఇదియే.

ఒకనాడు మిత్రుడే అడిగెను: “ఏరా, నామీద కోపమా?” ఇట్టిచోట మాట దాటవేయుట దయ కాదు. గృహస్థు చెప్పెను: “కోపం లేదురా. ఆ తగవులన్నీ వినే ఓపిక నాకు తగ్గిపోయింది. నీ మంచి నేను కోరుతూనే ఉంటాను.” అంతే. పదేండ్ల పట్టీ విప్పలేదు. మిత్రుడు కొంత నొచ్చుకొనెను. ఎంత మెల్లగా తొలగినను ఎదుటివానికి నొప్పి బొత్తిగా లేకుండ చేయుట ఎవరి తరమును కాదు. అవమానము లేకుండ చేయవచ్చును.

భాగవత ఏకాదశస్కంధమున నవయోగులలో ఒకడగు హరి నిమి చక్రవర్తికి భక్తుల తారతమ్యమును వివరించును. మధ్యమభక్తుడు ఈశ్వరునియందు ప్రేమను, భగవద్భక్తులయందు మైత్రిని, తెలియనివారియందు కృపను, ద్వేషించువారియందు ఉపేక్షను చూపునట. ఉపేక్ష అనగా పగ కాదు, పట్టించుకొనకుండుట. అదియు ద్వేషించువారి యెడలనే. ఈ గుడివాడ మిత్రుడు ద్వేషి కాడు. తన్ను తాను ఎరుగనివాడు. కనుక అతనికి చెందవలసినది కృప. కృప చూపుటకు ప్రతి ఆదివారము ఇల్లు ఇచ్చుట అక్కరలేదు.

ఈ పద్ధతికి హద్దులును కలవు. తల్లిదండ్రులు, ఆలుమగలు ఇట్లు చెప్పక తొలగరాదు. అచట మాటలాడియే తీర్చుకొనవలెను. మోసమో హింసయో జరిగినచోట మౌనము తగదు. ఆపద వచ్చినపుడు దూరము చెల్లదు. 1977 నవంబరు 19న దివిసీమపై ఉప్పెన విరుచుకుపడి వేలాది ప్రాణములను బలిగొన్నది. అట్టి రాత్రి వచ్చినచో, నెలల తరబడి మాటలు తగ్గిన మిత్రుని తలుపునైనను తట్టవలసినదే.

విదురుని కథ ద్వారముకడనే ముగియలేదు. ప్రథమస్కంధమున ఆయన తీర్థయాత్ర ముగించి హస్తినకు తిరిగివచ్చును. యుధిష్ఠిరుడు ఎదురేగి పూజించును. యాత్రావిశేషములన్నియు చెప్పియు, వినువారు తాళలేరని యదువంశనాశమును మాత్రము ఆయన చెప్పడు. తన్ను వెడలగొట్టిననాడు మిన్నకుండిన అన్న ధృతరాష్ట్రునకు వైరాగ్యము బోధించి, ఉత్తరదిశకు తోడ్కొనిపోవును. నాడు నిష్ఠురములాడి పోయియున్నచో, ఆ ముదుసలి ఈనాడు ఆయన మాట వినియుండునా? కలహము లేక విడిచిన వాకిలి గనుకనే, అన్నకు అవసరమైన దినమున అది తెరచియున్నది.