సంతకం పెట్టి తీసుకెళ్లండి

గుమ్మలక్ష్మీపురం కొండల్లో ఒక గిరిజన బాలికల గురుకులం అనుకోండి. సవర, జాతాపు ఊళ్ల నుంచి తెల్లవారకుండానే బయల్దేరిన తల్లిదండ్రులు వరండాలో కూర్చున్నారు. ప్రిన్సిపాల్ ముందు మంచినీళ్లు ఇప్పించి, తర్వాత మాట్లాడతారు.

"అమ్మా, అయ్యా, రండి. పొద్దుగూకాక మేకల్ని లెక్కపెట్టుకుంటారు కదా. ఒకటి తగ్గితే ముద్ద దిగుతుందా? మాకూ అంతే. రాత్రి హాజరులో ఒక పిల్ల పలకకపోతే మాకు నిద్ర ఉండదు. అందుకే పిల్లని సంతకం పెట్టి తీసుకెళ్లండి. వేలిముద్రయినా సరే. రిజిస్టరులో పేరున్న మనిషే రావాలి. మేనమామ వచ్చినా, ఆయన పేరు లేకపోతే పంపను. కోపం తెచ్చుకోకండి."

వెనక నుంచి ఒకాయన అడుగుతాడు: "కందికొత్తల పండక్కి?"

"పంపుతాను. చెప్పిన రోజుకి తీసుకురండి. ఇంటి దగ్గర జ్వరమొస్తే మాత్రం ఆగొద్దు. చలితో వణికి, చెమట పట్టి తగ్గినా, అది మలేరియా కావచ్చు. ఆశా కార్యకర్త చేత రక్తపరీక్ష చేయించండి. మాత్రలు ఇస్తే మధ్యలో మానొద్దు. మాకూ కబురు పెట్టండి."

ఆ మేకల మాటతో సగం కోపాలు చల్లారతాయని నా నమ్మకం. మీ పిల్లలూ హాస్టల్లో ఉంటే, అక్కడి రిజిస్టరులో ఎవరి పేరుందో ఈవేళే అడిగి తెలుసుకోండి.