వసీయత్ వ్రాశారు సరే, ఆ కాగితం ఎక్కడుంది?



మనుబోలులో ఒక జుమా నాడు నమాజు ముగిశాక ఒక పెద్దాయన నన్ను పక్కకు పిలిచారు. "మౌల్సాబ్! నా పెద్దకొడుకు చనిపోయాడు. వాడి పిల్లవాడు నా దగ్గరే పెరుగుతున్నాడు. నా తర్వాత వాడికేం వస్తుంది?" అన్నారు.

"ఇంకా ఇద్దరు కొడుకులున్నారు కదా చాచా! వాళ్ళుండగా మనవడికి విరాసత్‌లో వాటా రాదు. మీరు వసీయత్ చేస్తేనే వస్తుంది" అన్నాను.

"అది ఎప్పుడో వ్రాసి ఇనప్పెట్టెలో పెట్టాను."

"తాళంచెవి ఎవరి దగ్గరుంటుంది?"

"రెండోవాడి దగ్గర" అని ఆయన ఆగిపోయారు. ఆ కాగితం బయటికొస్తే వాటా తగ్గేది ఆ రెండోవాడికే!

వసీయత్ చేయవలసినది ఉన్న ముస్లిం, అది వ్రాసి ఉంచుకోకుండా రెండు రాత్రులు కూడా గడపరాదని దైవప్రవక్త (సఅసం) హెచ్చరించినట్లు హజ్రత్ ఇబ్నె ఉమర్ (రజి) ఉల్లేఖించారు (బుఖారీ, ముస్లిం). వసీయత్ సమయంలో ఇద్దరు న్యాయవర్తనులను సాక్షులుగా ఉంచుకోమని దివ్యఖుర్ఆన్ బోధిస్తోంది (అల్ మాయిదా: 106). వ్రాత, సాక్ష్యం రెండూ దేనికోసం? మనం లేనప్పుడు మన మాట నిలబడటానికే.

ముందు ఎంత వ్రాయవచ్చో చూద్దాం. ఆ పెద్దాయనకు మూడెకరాల మాగాణి తప్ప వేరే ఆస్తి, అప్పు లేవనుకోండి. వసీయత్‌కు హద్దు మూడో వంతు, అంటే ఒక ఎకరం. అది మనవడికి వ్రాయవచ్చు. మిగిలిన 200 సెంట్లలో భార్యకు ఎనిమిదో వంతు 25 సెంట్లు. ఇద్దరు కొడుకులకు చెరి 70, కూతురికి 35 సెంట్లు. మూడో వంతుకు మించి వ్రాసినా, వాటా వచ్చే వారసునికే వ్రాసినా, ఆయన మరణానంతరం మిగతా వారసులు ఒప్పుకుంటేనే అది చెల్లుతుంది. రిజిస్టరు చేసినంత మాత్రాన ఈ హద్దు మారదు.

ఇక కాగితం సంగతి. 1908 రిజిస్ట్రేషన్ చట్టం ప్రకారం వీలునామా రిజిస్టరు చేయాలన్న నిర్బంధం లేదు, కోరుకున్నవారు చేసుకోవచ్చు. స్టాంపు సుంకం లేదు. గుర్తింపు పత్రంతో, ఇద్దరు సాక్షులతో సబ్ రిజిస్ట్రారు కార్యాలయానికి వెళ్ళాలి. కదలలేని రోగి అయితే అధికారి ఇంటికి వచ్చే ఏర్పాటు కూడా చట్టంలో ఉంది. వీలునామాను మూడవ నంబరు పుస్తకంలో నకలు చేసుకుని అసలు మనకు తిరిగి ఇచ్చేస్తారు. ఆ అసలు కాగితాన్ని ఎవరైనా దాచినా, చించినా ప్రభుత్వం దగ్గర నకలు మిగిలే ఉంటుంది.

ఇంట్లో అసలు పెట్టుకోవడానికే భయమైతే ఇంకో మార్గముంది. వీలునామాను కవరులో పెట్టి సీలు వేసి, పైన తన పేరు, లోపలున్నది వీలునామా అని వ్రాసి, నెల్లూరు వంటి చోట జిల్లా రిజిస్ట్రారు వద్ద డిపాజిట్ చేయవచ్చు. ఆ వివరాలను ఐదవ నంబరు పుస్తకంలో ఎక్కించి, కవరును అగ్నికి కాలని పెట్టెలో భద్రపరుస్తారు. బ్రతికుండగా మనసు మారితే తానే వెళ్ళి వెనక్కు తీసుకోవచ్చు.

అయితే మరణించాక వారసుల్ని వెతుక్కుంటూ ఏ కార్యాలయమూ రాదు. చాలామంది ఈసీ తీయించి, అందులో ఏమీ కనబడక, వీలునామానే లేదనుకుంటారు. ఈసీ వచ్చేది ఆస్తుల లావాదేవీలున్న ఒకటవ పుస్తకం నుండి. వీలునామా ఉండేది మూడవ పుస్తకంలో. అందుకని మరణ ధృవీకరణ పత్రంతో రిజిస్టరైన కార్యాలయంలోనే దరఖాస్తు చేసి సర్టిఫైడ్ నకలు అడగాలి. వ్రాసిన వ్యక్తి బ్రతికుండగా ఆయనకూ, ఆయన ఏజెంటుకూ తప్ప ఇతరులకు ఆ నకలు ఇవ్వరు. మరణించాక ఎవరు దరఖాస్తు చేసినా ఇస్తారు. నంబరు తెలియకపోతే వ్రాసినవారి పేరుమీద సూచికలో వెతికిస్తారు. కాని ఏ కార్యాలయమో, ఏ సంవత్సరమో తెలియకపోతే వెతకడం కష్టం.

డిపాజిట్ చేసినదైతే జిల్లా రిజిస్ట్రారుకు దరఖాస్తు చేయాలి. ఆయన దరఖాస్తుదారు ఎదుటే కవరు తెరిచి, వారి ఖర్చుతో మూడవ పుస్తకంలో నకలు చేయిస్తారు. అసలు మళ్ళీ ఆయన దగ్గరే ఉంటుంది. వారసులు నకలు తీసుకుంటారు. కోర్టు కోరితే అసలును అక్కడ హాజరుపరుస్తారు.

తర్వాత వ్రాసిన వీలునామా రిజిస్టరు కాకపోయినా, నిజమైనదని రుజువైతే ముందటి దానిని రద్దు చేయగలదు. కనుక మార్చినప్పుడల్లా దానినీ రిజిస్టరు చేయించి, పాతది రద్దయిందని అందులో వ్రాయండి.

ఆ పెద్దాయనకు నేను చెప్పింది ఇంతే: "రిజిస్టరు చేయించండి చాచా. కార్యాలయం పేరు, దస్తావేజు నంబరు, సంవత్సరం మూడు చీటీల మీద వ్రాయండి. ఒకటి పిల్లవాడి తల్లికి, ఒకటి మీ కూతురికి, ఒకటి సాక్షికి ఇవ్వండి. అసలు మాత్రం వాటా తగ్గేవారి చేతిలో పెట్టవద్దు. వాళ్ళను పరీక్షలో పడవేయకండి."

వసీయత్‌ను విన్న తరువాత మార్చివేసేవారి మీదే ఆ పాపం ఉంటుందని అల్లాహ్ హెచ్చరించాడు (అల్ బఖరా: 181). తండ్రి కాగితం దొరికిన కొడుకు దానిని దాచినా మార్చినట్లే కదా! ఆ పాపం నుండి అల్లాహ్ మన సంతానాన్ని కాపాడుగాక. ఆమీన్.