శుక్రవారం సాయంత్రం ఐదు గంటలలోపు

మూడు ఉద్యోగాలు దాదాపు ఒకేసారి నా ముందుకొచ్చాయి. హజీరాలోని ఒక పెద్ద కర్మాగారం నుంచి ప్రాసెస్ ఇంజనీరు పనికి సోమవారం ఆఫర్ లెటర్ వచ్చింది. శుక్రవారం సాయంత్రం ఐదింటిలోపు సంతకం చేసి పంపమన్నారు. నాకు ఎక్కువ ఇష్టమైన హైదరాబాద్ మందుల కంపెనీలో చివరి ఇంటర్వ్యూ ఆ మరుసటి మంగళవారం. ఇక పాండేసరాలోని డైయింగ్ మిల్లు సేఠ్ ఒకటో తారీఖు నుంచి వచ్చెయ్యమన్నాడు. అది నోటిమాటే, కాగితం లేదు.

నేను లింబాయత్‌లో మగ్గాల చప్పుడు మధ్య పెరిగినవాణ్ణి. మాది వరంగల్ వైపు నుంచి సూరత్ వచ్చిన పద్మశాలి కుటుంబం. బాపు పవర్‌లూమ్ మీద పన్నెండు గంటల షిఫ్టు చేసేవాడు, కూలి మీటర్ల లెక్కన. పని దొరకడమే గొప్ప అనుకునే ఇంట్లో పుట్టినవాడికి, పని ఇస్తామన్నవాళ్లను కాస్త ఆగమనడం పొగరులా అనిపిస్తుంది. గడువు పెంచమని అడగడానికి నాకు నోరు రాలేదు. దాన్ని నేను వినయం అనుకున్నాను. నిదానంగా చూసుకుంటే అది భయం.

ఆ భయంలో కొంత నిజమూ ఉంది. మన కాంట్రాక్టు చట్టం 1872 నాటిది. దాని ఐదో సెక్షన్ ప్రకారం, మన అంగీకారం పంపేలోపు అవతలివారు తమ ప్రతిపాదనను ఎప్పుడైనా వెనక్కి తీసుకోవచ్చు. శుక్రవారం దాకా అని రాసినంత మాత్రాన శుక్రవారం దాకా అది మనదని కాదు. ఏడో సెక్షన్ ఇంకా ముఖ్యం: అంగీకారం షరతులు లేకుండా ఉండాలి. జీతం ఇంత చేస్తేనే చేరతానని రాస్తే అది కొత్త ప్రతిపాదన అవుతుంది, పాతది పోయినట్టే. అందుకే గడువు అడిగే ఉత్తరంలో జీతం ఊసు ఎత్తకూడదనుకున్నాను. గడువు పెంచడం వీలవుతుందా అని అడగడం వేరు, పెంచితేనే చేరతాననడం వేరు.

ముందుగా హైదరాబాద్‌కు రాశాను. చేతిలో రాతపూర్వకమైన ఆఫర్ ఉందనీ, దాని గడువు శుక్రవారమనీ, మీ దగ్గర పనిచేయాలనే ఉంది గనుక ఇంటర్వ్యూ ముందుకు జరపగలరా అనీ. వాళ్లు గురువారానికి మార్చారు, ఫలితం మాత్రం మంగళవారమే చెబుతామన్నారు. అప్పుడు గానీ హజీరాకు రాయడానికి నాకు ఒక తేదీ దొరకలేదు. ఆ ఉత్తరం ఇంతే: "మీ ఆఫర్‌కు కృతజ్ఞతలు. మరో సంస్థ ఫలితం మంగళవారం తెలుస్తుంది. బుధవారం మధ్యాహ్నం పన్నెండు గంటలలోపు నా తుది సమాధానం ఇస్తాను. అంతవరకు గడువు పెంచడం వీలవుతుందా? వీలుకాకపోతే శుక్రవారమే చెబుతాను."

ఆ చివరి వాక్యం రాయడానికే ఎక్కువసేపు పట్టింది. వాళ్లు ఒప్పుకోకపోతే ఏం చేస్తానో ముందు నేను తేల్చుకోవాలి కదా. శుక్రవారం సంతకం చేసి హైదరాబాద్‌ను వదులుకుంటానని తేల్చుకున్నాకే పంపాను. ఒక పక్క సంతకం చేసేసి, మరో పక్క హైదరాబాద్ ఫలితం కోసం చూద్దామన్న ఆలోచన రాలేదని అనను. చాలామంది చేస్తున్నదే. బాపుతో అన్నాను. "నువ్వు వస్తవని వాళ్లు ఇంకొకన్ని పొమ్మంటరు గద బిడ్డా" అన్నాడు. నేను నా అవకాశాలనే లెక్కపెడుతున్నాను. వాళ్ల జాబితాలో నా తర్వాత పేరున్నవాడు నా లెక్కలోనే లేడు.

మిల్లు సంగతీ అక్కడే తేలింది. నేను అక్కడికి వెళ్లనని నాకు తెలుసు. అయినా ఏదీ కుదరకపోతే అదైనా ఉంటుందన్న ధైర్యం కోసం ఆ మాటను పట్టుకుని ఉన్నాను. ఆ సాయంత్రమే సేఠ్‌కు ఫోన్ చేసి రాలేనని చెప్పాను.

హజీరా బుధవారం దాకా ఒప్పుకుంది. మంగళవారం హైదరాబాద్ నుంచి ఫోన్ వచ్చింది: మీరు సెలెక్టయ్యారు, పైవాళ్ల ఆమోదం వచ్చాక లెటర్ పంపుతాం, రెండు వారాలు పట్టొచ్చు. మరోసారి గడువు అడగాలన్న ఆశ పుట్టింది. కానీ "పట్టొచ్చు" అన్నది తేదీ కాదు. బుధవారం ఉదయం హజీరాకు షరతులు లేని అంగీకారం పంపి, ఆ వెంటనే హైదరాబాద్‌కు రానని రాశాను. అప్పటికి నేను చేస్తున్న ఉద్యోగానికి రాజీనామా మాత్రం వెంటనే ఇవ్వలేదు. ఆఫర్ లెటర్లో వైద్య పరీక్ష, పాత కాగితాల పరిశీలన షరతులుగా ఉన్నాయి. అవి పూర్తయి, నా మూడు నెలల నోటీసు పీరియడ్‌కు సరిపడేలా జాయినింగ్ తేదీ రాతలో వచ్చాకే ఇచ్చాను.

మీ ముందూ ఇలా రెండు గడువులు పడితే, ఏ రోజు ఏ సమాచారం కోసం ఆగుతున్నారో ముందు ఒక కాగితం మీద రాసుకోండి. రాయడానికి తేదీ దొరకకపోతే గడువు అడగకండి, ఉన్నదాంట్లోనే తేల్చుకోండి.