ఏ కవిత పక్కన ఏ కవిత?

మా ముందు 46 కవితలున్నాయి. రాసినవాళ్లు ముగ్గురు. కైకలూరు వైపు చేపల చెరువుల గట్ల మీద పెరిగిన ఒక యానాది యువకుడు, బాపట్ల వైపు నుంచి ఒక ఎరుకల యువతి, మైలవరం పైన మెట్టలో తండా నుంచి వచ్చి విజయవాడ హాస్టల్లో చదువుకుంటున్న ఒక సుగాలి అమ్మాయి. చేతిలో ఉన్న డబ్బుకు వచ్చేది 32 పేజీల చిన్న పుస్తకం. ప్రెస్సు వాళ్ల లెక్కలో రెండు ఫారాలు. పేరు పేజీ, ప్రచురణ వివరాలు, విషయసూచిక, ముందుమాట, చివర పదాల అర్థాలు తీసేస్తే కవితలకు మిగిలేది 23 పేజీలు. పేజీకి సరిపోయే కవితలు 11, రెండు పేజీలు కావలసినవి 6, మొత్తం 17. అంటే 29 కవితలు బయట ఉండిపోతాయి.

ఏ హక్కుతో బయట ఉంచుతాం? ఈ ప్రశ్న మన దగ్గర మిగతావాళ్ల దగ్గరకన్నా బరువుగా ఉంటుంది. 1871లో మొదలైన నేరస్థ జాతుల చట్టం కింద ఎరుకల వాళ్లలాంటి ఎన్నో జాతుల పేర్లను ఎవరో రాసుకున్నారు, ఎవరో లెక్కపెట్టారు. స్టువర్టుపురంలాంటి సెటిల్‌మెంట్లలో హాజరు తీసుకున్నారు. 1952లో ఆ చట్టం పోయేదాకా మన గురించి ఏది రాయాలో, ఏది వదలాలో తేల్చింది బయటివాళ్లే. ఇప్పుడు ఎంచేది మనం. ఎంచే చేయి మనదైనంత మాత్రాన అది న్యాయంగా ఎంచుతుందని ఏమీ లేదు. అందుకే ఎలా ఎంచామో చెప్పుకోవడం కూడా పనిలో భాగమే అనుకుంటున్నాం.

మొదట అందరూ చేసే పని, మంచివి ఒక కుప్ప, బాగాలేనివి ఒక కుప్ప వేయడం. దాన్ని మేం రెండు రోజుల్లో వదిలేశాం. ఎందుకంటే 46లో 9 కవితలు బుట్ట గురించే. ఆ 9లో 7 నాయనమ్మ వేళ్ల గురించి చెప్పాయి. ఈత బద్దలు కోసిన గాట్లు, ఆ గాట్లలో నలుపు, ఆ నలుపులో జీవితం. విడిగా చదివితే ఏ ఒక్కటీ తీసిపారేయదగ్గది కాదు. ఏడూ పక్కపక్కన పెడితే మాత్రం నాయనమ్మ మాయమై వేళ్లే మిగులుతున్నాయి. పాఠకుడు మూడో కవిత దగ్గరే "ఆహా, వీళ్లు బుట్టలవాళ్లు" అని ఒక గూట్లో పడేసి పేజీలు తిప్పేస్తాడు.

అప్పటినుంచి ప్రతి కవితను ఒకే ప్రశ్న అడిగాం. ఇది చెప్పేది మిగతా 45లో ఇంకేదైనా చెబుతోందా? బుట్టల్లో రెండు నిలబడ్డాయి. ఒకదానిలో కాలవ గట్టు మీద ఈత చెట్లు కొట్టేశాక బద్దల కోసం పక్క ఊరికి బస్సు టికెట్టు పెట్టుకుని వెళ్లడం ఉంది. ఇంకోదానిలో సంతలో బేరం ఉంది, చివరికి గెలిచేది అమ్మే మనిషే. మాటల అందంలో ఈ రెండూ వెనకబడినవే. అందమైన నాయనమ్మ కవిత ఒకటి బయట ఉండిపోయింది. రాసినమ్మాయి నొచ్చుకుంది. అది ఆమెకు మొదట అచ్చు కావాలనుకున్న కవిత. అయినా ఆ వేళ్ల సంగతి బస్సు టికెట్టు కవితలో ఒక పాదంగా ఉండనే ఉంది, అక్కడ ఇంకా గట్టిగా తగులుతోంది. ఇది చూపించాక ఆమే పక్కకు తీసింది. ఒప్పుకోకపోయి ఉంటే? అప్పుడు సంతబేరం తీసి అది పెట్టేవాళ్లం. పుస్తకం కొంచెం బరువు తగ్గేది, కానీ ఆ పేరు ఆమెది, మాది కాదు.

ఇంకో కవిత ఎంపికను వేరే దారి పట్టించింది. యానాది కుర్రాడు రాసినది. రాత్రి చెరువు కాపలా కాసే తండ్రి, తెల్లారి వలలో చేప తగ్గిందని పడిన దెబ్బలు. చెరువు పేరు, యజమాని ఇంటిపేరు అందులోనే ఉన్నాయి. 46లో అంత సూటిగా ఉన్నది మరోటి లేదు. కానీ ఆ కుర్రాడి అమ్మ ఇప్పటికీ అదే చెరువు మీద కూలికి వెళుతోంది. నిజం చెప్పే కవితను భయపడి వదలడం తప్పా, ఆమె కూలి పోయేలా అచ్చువేయడం తప్పా? ఇక్కడ సంకలనకర్త తీర్పు చెప్పడానికి లేదు. కష్టం ఎవరి మీద పడుతుందో వాళ్లను అడగాలి. కుర్రాడు అమ్మకు చదివి వినిపించాడు. "పేర్లు తీసెయ్, దెబ్బలు ఉంచు. ఇట్టాంటి చెరువులు ఎన్ని లేవు?" అంది. పేర్లు తీసేశాక కవితకు కొత్త బలం వచ్చిందని మేం అనం. సూటితనం కొంత పోయింది. ఆ పోయినదాన్ని వరసతో కొంత తిరిగి తేవచ్చా అన్నది తర్వాతి పని.

వరస గురించి తెలుగులో అందరికీ దగ్గరి ఉదాహరణ మన డెల్టాలోనే అచ్చయింది. శ్రీశ్రీ మహాప్రస్థానాన్ని నళినీకుమార్ 1950లో మచిలీపట్నం నుంచి తెచ్చారు. అందులో కవితలు రాసిన తేదీల వరసలో లేవు. 1933లో రాసిన 'జయభేరి' కంటే 1934లో రాసిన పేరుకవిత ముందుంటుంది. దానికీ ముందు, 1937లో పోయిన మిత్రుడు కొంపెల్ల జనార్దనరావుకు అంకితంగా రాసిన కవిత ఉంటుంది. ఒక చావు దగ్గర మొదలుపెట్టి వెంటనే నడకలోకి దింపడం వల్ల ఆ నడక ఉత్త నినాదంలా వినబడదు. ఎవరినో పోగొట్టుకున్న మనిషి లేచి నడుస్తున్నట్టుంటుంది. ఆ రెంటినీ తారుమారు చేసి చదివి చూడండి, తేడా తెలుస్తుంది. ఇంకో సంగతి, అంతకుముందు 1928లో వచ్చిన 'ప్రభవ' పద్యాలు ఇందులో లేవు. తన సొంత పద్యాలనే కవి బయట ఉంచాడు.

దీనికి ఎదురు ఉదాహరణ కూడా ఉంది. శాతవాహన హాలుడి పేర ఉన్న ప్రాకృత గాథాసప్తశతిలో ప్రతి గాథా తనంతట తాను నిలిచేదే. ప్రతులు మారినప్పుడల్లా వరస మారింది, గాథలూ మారాయి. అన్ని ప్రతుల్లో ఉమ్మడిగా ఉన్నవి 430 దాకానే. అయినా పుస్తకం చెడలేదు. కనుక వరస లేకుండా సంకలనం ఉండదని చెప్పలేం. కానీ అవి 700, మావి 17. ఏడువందల్లో ఒకటి ఎక్కడున్నా చెల్లుతుంది. పదిహేడులో ప్రతి కవితా పక్కదాని మీద నీడ వేస్తుంది.

ఆ నీడే నీతి ప్రశ్న. ఎరుకల అమ్మాయి రాసిన ఒక కవితలో బడిలో పెన్ను పోతుంది, టీచరు హాజరుపట్టీలో ఇంటిపేరు చూసి ఆమె సంచి వెతుకుతాడు. దీన్ని మొదట పెడదామని మాలో కొందరన్నారు, పాఠకుణ్ణి ఒక్కసారిగా పట్టుకుంటుందని. పెట్టి చదివాం. తర్వాతి ప్రతి కవితా ఆ నిందకు సంజాయిషీలా వినపడింది. పందిపిల్లలు తప్పించుకుని పెళ్లి పందిట్లోకి దూరిన నవ్వుల కవిత కూడా "మేం మంచివాళ్లమే" అన్నట్టు మారిపోయింది. చివర పెట్టి చూశాం. అప్పుడు పుస్తకమంతా నడిచి ఒక అనుమానం దగ్గరే ఆగినట్టైంది. రాసినమ్మాయి ఏ చోటునా ఆ మాట అనలేదు. అనిపించింది మేం. చివరకు పందిపిల్లల కవిత తర్వాత, అయిదోదిగా పెట్టాం. అప్పటికి ఆ ఇల్లూ ఆ నవ్వూ పాఠకుడికి తెలుసు. సంచి వెతుకుతుంటే తనకు తెలిసిన పిల్ల సంచి వెతుకుతున్నట్టు అనిపిస్తుంది.

ముగ్గురినీ మూడు భాగాలుగా పెట్టాలన్న ఆలోచనను కూడా చదివే పక్కన పెట్టాం. యానాది భాగం, ఎరుకల భాగం, సుగాలి భాగం అని విడదీస్తే మళ్లీ రిజిస్టరే అవుతుంది. కలిపితే పేర్లు మసకబారతాయన్న భయం ఉంది, అందుకని ప్రతి కవిత కిందా పేరు వేశాం. కలపడం వల్లే చెరువు కవితకు తోడు దొరికింది. సుగాలి అమ్మాయి కవిత ఒకటి హాస్టల్ మెస్సులో చేపల కూర గురించి. చాలా మామూలు కవిత, పళ్లెం, ముల్లు, వాసన. దాని వెంటనే పేర్లు తీసేసిన చెరువు కవిత వస్తే, ఆ చేప ఎక్కడనుంచి వచ్చిందో ఎవరూ చెప్పకుండానే తెలుస్తుంది. కానీ ఇది ఇద్దరు కవులూ అనుకోని అర్థం. అందుకే ఇద్దరికీ వరసలో చదివి వినిపించి అడిగాం. సుగాలి అమ్మాయి ఒక రోజు ఆగి సరే అంది.

చెరువు కవితకు రెండు పేజీలు కావాలి. దాన్ని 16, 17 పేజీల్లో పెట్టాం. మధ్యలో పిన్ను కొట్టిన 32 పేజీల పుస్తకాన్ని ఎవరు చేతిలోకి తీసుకున్నా అక్కడే తెరుచుకుంటుంది. విజయవాడలో జనవరి పుస్తక మహోత్సవంలో నిలబడి చూస్తే, జనం మొదటి పేజీ చూడరు, మధ్యకు విప్పి నాలుగు పాదాలు చదివి కిందపెడతారు. మెస్సు కవితను 15వ పేజీలో, కుడివైపు పెడితే, తిప్పగానే చెరువు వస్తుంది. రెండు పేజీల కవిత ఎప్పుడూ సరి సంఖ్య పేజీలో, ఎడమవైపు మొదలవాలి. లేకపోతే సగంలో పేజీ తిప్పాలి, పాదం విరుగుతుంది. ఈ నియమం వల్ల మాకు నచ్చిన వరస రెండుచోట్ల మారింది. మారినచోట్లు పెద్దగా నష్టపోలేదు.

చేసిన పద్ధతి చెప్పాలంటే, కవితలన్నీ ఒక్కో కాగితం మీద రాసి నేల మీద పరిచాం. ఒక కవిత చివరి పాదం, తర్వాతి కవిత మొదటి పాదం మాత్రం గట్టిగా చదువుకుంటూ వెళ్లాం. రెండు చివరలూ ఒకే మాట మీద, ఉదాహరణకు రెండూ చీకటి మీద ముగిసి మొదలైతే, రెండో చీకటి వెలవెలపోతుంది. పక్కపక్క కవితలను తారుమారు చేసినా ఏ తేడా రాకపోతే అక్కడ వరస ఇంకా కుదరలేదని లెక్క. అలాంటి చోట్లు మాకు నాలుగు వచ్చాయి. రెండింటిని కుదిర్చాం, రెండింటిని వదిలేశాం. అన్నీ బిగించేస్తే పుస్తకం వాదనలా ఉంటుంది, ఊపిరి ఆడదు.

ఇక 29వ పేజీ. కుర్రాడికి వరికోతల తర్వాత కలుగుల్లో పొగ ఊది ఎలుకలు పట్టే కవిత చివర పెట్టాలని ఉంది, అది విజయంతో ముగుస్తుందని. మిగతా ఇద్దరికీ హాస్టల్ ఫోను కవిత కావాలి. అందులో తండా నుంచి అమ్మ ఫోనులో "ఎప్పుడొస్తావ్" అని అడుగుతుంది, కూతురు ఏమీ అనకుండా చార్జింగ్ చూసుకుంటుంది. రెండు రకాలుగానూ చదివించాం. ఎలుకల కవిత 28లో, ఫోను కవిత 29లో ఉన్నాయి. 30వ పేజీ నుంచి పదాల అర్థాలు.