వాటా ధర వేరు, కూర ధర వేరు

అనకాపల్లి

చిరంజీవి సిరికి, తాతయ్య ఆశీస్సులు.

కూరగాయల బేరంలో రోజూ మోసపోతున్నానని ఫోన్లో వాపోయావు. ఆదివారం మీ నానమ్మ మీ తమ్ముణ్ణి సంతకి తీసుకెళ్లింది. సంచులు మోసింది నేనే కనక జరిగింది రాస్తున్నాను.

అడుగు పెట్టగానే వాడు బెండకాయల దగ్గర ఆగిపోయాడు. వాటా 20 రూపాయలు. "ముందు సంతంతా ఓ చుట్టు చుట్టొద్దాం పద" అంది నానమ్మ. చివరి వరసలో ఒకామె గంప ముందు పెట్టుకుని కిలో 40కి తూస్తోంది. "వాటానే చవక నానమ్మా" అన్నాడు వాడు.

వెనక్కి తీసుకొచ్చి ఆ వాటాని కాటా మీద పెట్టించింది. 600 గ్రాములు. అంటే కిలో 33 పడింది. మనవాడి మొహం వెలిగిపోయింది. అప్పుడు నానమ్మ పైనున్న లేతకాయలు పక్కకి జరిపి, అడుగుకాయ ఒకటి తీసి కొన వంచమంది. లేతదైతే టక్కున విరగాలి, అది వంగి ఊరుకుంది. ఒక్కటి చూస్తే చాలని వాడి చెయ్యి ఆపేసింది కూడా. కొనకుండా కొనలన్నీ విరిచేస్తే అవి ఇంకెవరు కొంటారు?

"మూడోవంతు ముదురురా. 200 గ్రాములు పారేస్తే కూరకొచ్చేది 400. 20 రూపాయలకి 400 గ్రాములైతే కిలో ఎంత?" వేళ్ల మీద లెక్కపెట్టి "యాభై!" అన్నాడు. గంప దగ్గర ఏరుకోనిచ్చింది కాబట్టి, అక్కడ 40 అంటే నలభయ్యే.

నీకు దగ్గర్లో రైతుబజారు ఉందన్నావు. 1999లో అవి మొదలైనప్పటి నుంచీ నానమ్మకి అక్కడి ధరల బోర్డు చదవడం అలవాటు. ఆ అంకె గుర్తుంటే బయట బేరం ఎక్కణ్ణుంచి మొదలెట్టాలో తెలుస్తుంది. కాయ ముదురో లేతో మాత్రం బోర్డు చెప్పదు.

సాయంత్రం వస్తే ఇంకా చవక కదా అని వాడడిగాడు. తోటకూర, పండిన టమాటా తగ్గుతాయి, రేపటికి నిలవవు కనక. గుమ్మడికాయ, చేమదుంప ఎందుకు తగ్గిస్తారు? మరో సంతకి పట్టుకెళ్తారు. చవగ్గా వచ్చిన టమాటా ఆ రాత్రే పచ్చడి చెయ్యాలి, లేకపోతే లాభం బుట్టలోనే కుళ్లిపోతుంది.

ఇంకొకటి. పొద్దుగూకాక ఇంటికెళ్లే బస్సు కోసం తొందరపడుతున్న మనిషిని సగానికి సగం అడగడం నానమ్మకి నచ్చదు. ధర కుదిరాక కొసరు అడుగుతుంది, రెండు పచ్చిమిరపకాయలో, కాస్త కరివేపాకో. అమ్మేవాళ్లకి అది పెద్ద బరువు కాదు, మనకి పోపులోకి వస్తుంది. నువ్వూ అలాగే అడుగు. తూయించే ముందు ఖాళీ కాటా సున్నా చూపిస్తోందో లేదో చూసుకో.

ఇట్లు,
మీ తాతయ్య